మామిడిపండు తినాలంటే అన్నం ఎంత తగ్గించాలి? షుగర్ ఉన్నవాళ్ళకి పండు, జ్యూస్, ఎండు పండ్ల లెక్క

షుగర్ ఉందని తెలిసిన రోజు నుంచి ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో రూలు పెడతారు. "జామకాయ తప్ప ఇంకేదీ ముట్టుకోకు" అని ఒకరు, "పండే కదా, మిఠాయి కాదుగా, తిను" అని ఇంకొకరు. నాకు షుగర్ బయటపడి ఏడేళ్ళయింది. మొదటి మూడేళ్ళూ ఈ రెండు మాటల మధ్యే నలిగాను. మార్చి దాకా నోరు కట్టుకుని ఉండడం, బంగినపల్లి మార్కెట్లోకి రాగానే అన్నీ మర్చిపోవడం, జూన్‌లో రిపోర్టు పట్టుకుని డాక్టరు ముందు తల దించుకు కూర్చోవడం.

ఇప్పుడు చేసే పద్ధతి వేరు. దీనికి కావాల్సినవి వంటింట్లో పెట్టుకునే చిన్న డిజిటల్ కాటా, గ్లూకోమీటరు, ఒక నోట్‌బుక్, అంతే. ముందే ఒక మాట చెప్పేస్తాను, నాది టైప్ 2, మాత్రల మీదే ఉన్నాను. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు చివర్లో రాసింది ముందు చదివి ఆ తర్వాత మిగతాది చదవండి.

మొదటి పని: పండుని కాయల్లో కాదు, గ్రాముల్లో లెక్కపెట్టడం

డైటీషియన్లు పండుని కొలిచేటప్పుడు 15 గ్రాముల కార్బోహైడ్రేట్ ఉన్నంత ముక్కని ఒక వాటాగా తీసుకుంటారు. పండు ఏదైనా సరే, ఒక వాటా తింటే ఒంట్లోకి వెళ్ళే పిండి పదార్థం, చక్కెర కలిపి దాదాపు అంతే. కాబట్టి "ఏ పండు మంచిది, ఏది చెడ్డది" అన్న ప్రశ్న పక్కన పెట్టి "ఈ పండులో నా వాటా ఎంత" అని అడగడం మొదలుపెట్టండి.

తొక్కా గింజా తీసేశాక, మామిడి అయితే 100 గ్రాములు ఒక వాటా. బొప్పాయి 140 దాకా వస్తుంది, పుచ్చకాయ ఏకంగా 200. జామ, ఆపిల్ 100 నుంచి 110. ద్రాక్ష 80 గ్రాములు, అంటే పదిహేను పదహారు కాయలు. అరటి, సీతాఫలం గుజ్జు 65 గ్రాములు దాటకూడదు, సపోటా 75. పచ్చివాసన పోని అరటికీ బాగా మాగిన దానికీ తేడా ఉంటుంది, జామలోనే రకాన్ని బట్టి తేడా ఉంటుంది, అందుకని ఈ అంకెల్ని బంగారం తూచినట్టు తూచక్కర్లేదు. పది గ్రాములు అటూ ఇటూ అయినా కొంపేం మునగదు. కాయ మొత్తం అటూ ఇటూ అయితేనే ఇబ్బంది.

ఎందుకంటే మా ఇంట్లో తూచిన ఒక బంగినపల్లి కాయ 410 గ్రాములుంది. తొక్క, టెంక పోగా ముక్కలు 275 గ్రాములు. అంటే "ఒకే ఒక్క కాయ తిన్నాను" అని నేను అమాయకంగా చెప్పేది దాదాపు మూడు వాటాలు. నేరేడు, జామ లాంటివి మంచివని విని కిలో కొనుక్కుని టీవీ ముందు కూర్చునేవాళ్ళకీ ఇదే లెక్క. నేరేడు కూడా 100 గ్రాములకి ఇంచుమించు ఒక వాటానే, అది మందు కాదు, పండే.

ముక్కలు కోసే పండ్లతో తంటా లేదు. రసాలతోనే వచ్చింది చిక్కు. చిన్న రసమో పెద్ద రసమో చేతిలో పిసికి, ముచ్చిక తీసి జుర్రుకునేదాన్ని ఎలా తూస్తాం? దీనికి మా ఆవిడ కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, తినకముందు కాయని తూచడం, తిన్నాక తొక్కనీ టెంకనీ తూచడం. రెండిటి తేడానే మీ కడుపులోకి వెళ్ళింది. కొంచెం నవ్వులాటగానే ఉంటుంది, ఇంటికొచ్చిన చుట్టాలు వింతగా చూస్తారు కూడా, కానీ నాలుగుసార్లు చేస్తే ఏ సైజు కాయలో ఎంత రసం ఉంటుందో మీ కంటికే తెలిసిపోతుంది. ఆ తర్వాత కాటాని అటక మీద పెట్టేసుకోవచ్చు.

రెండో పని: పండుకి చోటు ఖాళీ చేయడం

మనం తప్పు చేసేది ఎక్కువగా ఇక్కడే. కడుపునిండా అన్నం తిని, చివర్లో పెరుగన్నంలో రెండు మామిడి ముక్కలో అరటిపండో నంజుకుంటాం. మీటరులో అంకె పెరిగితే తిట్టు పండుకి పడుతుంది, నిజానికి అన్నం చేసిన పని అందులో సగానికి పైనే ఉంటుంది. పండు అన్నం మీదకి అదనంగా రాకూడదు, అన్నంలో కొంత తీసి ఆ ఖాళీలోకి రావాలి.

ఎంత తీయాలి? వండిన అన్నం 50 గ్రాముల్లో సుమారు 14 గ్రాముల కార్బోహైడ్రేట్ ఉంటుంది. అంటే ఒక వాటా పండుకి ఒక చిన్న గరిటెడు అన్నం తగ్గాలి. రాత్రి పుల్కాలు తినేవాళ్ళయితే ఒక చిన్న పుల్కా మానేయాలి. పప్పూ కూరా మజ్జిగా తగ్గించకండి. తీయాల్సింది అన్నమే.

నా నోట్‌బుక్‌లో మూడు రోజులవి ఇక్కడ రాస్తాను, మూడూ ఒకే వారంలోవి, మాత్రలు అవే, పొద్దున తిన్నదీ అదే.

మొదటి రోజు మధ్యాహ్నం ఎప్పటిలాగే 200 గ్రాముల అన్నం, పప్పు, బెండకాయ వేపుడు, చివర్లో పెరుగన్నంతో సగం బంగినపల్లి, తూచితే 140 గ్రాములు. తినకముందు షుగర్ 124, రెండు గంటల తర్వాత 231. రెండో రోజు అదే కూర, అదే పప్పు, కానీ అన్నం 130 గ్రాములకి తగ్గించి, మామిడి 100 గ్రాములే తిన్నాను. ముందు 128, తర్వాత 172. మూడో రోజు భోజనంలో పండు లేదు, సాయంత్రం నాలుగున్నరకి 100 గ్రాముల మామిడి ముక్కలు, కాసిని వేరుశనగ గుళ్ళు. ముందు 131, గంటకి 174, రెండు గంటలకి 148.

ఇవి నా ఒంటి లెక్కలు, మీకు ఇలాగే రావాలని లేదు, కానీ పోల్చి చూసే పద్ధతి మీకూ పనికొస్తుంది. మామిడి మూడు రోజులూ ఉంది. దాని కొలత, చుట్టూ ఏముందన్నది మారాయి. సాధారణంగా తినడం మొదలుపెట్టిన ఒకటి రెండు గంటల్లో 180 దాటకూడదంటారు, మీ వయసుని బట్టి, మందుల్ని బట్టి డాక్టరు మీకు వేరే అంకె చెప్పి ఉంటే అదే పట్టుకోండి.

రోజుకి రెండు వాటాలు, రెండూ వేరువేరు పూటల్లో, ఇది నాకు కుదిరింది. ఉదయం ఇడ్లీ, దోసెలతో పాటు మాత్రం నేను పండు తినను, పొద్దున పూట నాకు షుగర్ త్వరగా ఎగబాకుతుంది, ఇది చాలామందికి అనుభవమే.

మూడో పని: మీ వేలు కడుక్కోవడం

ఇదేం పని అనుకోకండి. రెండేళ్ళ కిందట ఒక రాత్రి ఇంట్లో అందరికీ మామిడి ముక్కలు కోసిపెట్టి, నాకు టెస్టు టైమయిందని గుర్తొచ్చి చేతులు తువ్వాలుకి తుడుచుకుని గుచ్చుకుంటే 268 వచ్చింది. నేను ముక్క కూడా తినలేదు! టెన్షన్‌తో కాసేపు కూర్చుని, సబ్బుతో కడుక్కుని వేరే వేలు గుచ్చితే 153.

వేలి మీద మిగిలిన పండు రసంలో గ్లూకోజ్ ఉంటుంది, గుచ్చినప్పుడు వచ్చే రక్తం బొట్టు చాలా చిన్నది, ఆ రసం కాస్త కలిసినా అంకె ఎగిరిపోతుంది. జపాన్ పరిశోధకులు 2011లో ఇదే పరీక్షించి చూశారు. పండ్లు ఒలిచాక చెయ్యి కడుక్కోకుండా చూస్తే రీడింగ్ తప్పుగా ఎక్కువ వచ్చింది. ఆల్కహాల్ దూదితో తుడిచినా సరిపోలేదు, నీళ్ళతో కడుక్కున్నాకే సరైన అంకె వచ్చింది. కాబట్టి స్పిరిట్ దూదిని నమ్ముకోకండి. కుళాయి కింద కడుక్కుని, బాగా ఆరబెట్టుకుని గుచ్చండి. తడి వేలైతే రక్తం పలచబడి అంకె తగ్గి చూపిస్తుంది, అది ఇంకో మోసం.

ఇంకో విషయం, మీటర్లు అచ్చంగా అంకె చెప్పవు, పది పదిహేను శాతం అటూ ఇటూ ఉంటుంది. 165కీ 175కీ తేడా చూసి ఈ పండు పడింది, ఆ పండు పడలేదు అని తీర్పులు చెప్పకండి. ఒకే పండుని రెండు మూడుసార్లు అదే కొలతతో తిని చూసి, ప్రతిసారీ 40, 50 పాయింట్లకి మించి పెరుగుతుంటే అప్పుడు కొలత తగ్గించండి.

జ్యూస్ సంగతి

పండులో ఉన్న చక్కెరే జ్యూస్‌లోనూ ఉంది కదా, మరి పండు ఓకే, జ్యూస్ వద్దు అనడమేమిటి? నాకూ ఈ అనుమానం చాలా రోజులుండేది. పీచు పోతుంది కాబట్టి అని అందరూ చెప్తారు, అది నిజమే కానీ పూర్తి సమాధానం కాదు. అసలు తేడా ఎంత తాగుతున్నాం, ఎంత వేగంగా తాగుతున్నాం అన్నదాంట్లో ఉంది.

1977లో ఇంగ్లండులో పది మంది ఆరోగ్యవంతుల మీద ఒక ప్రయోగం చేశారు. ఒకే మోతాదు కార్బోహైడ్రేట్‌ని ఒకసారి ఆపిల్ ముక్కలుగా, ఒకసారి మెత్తని గుజ్జుగా, ఒకసారి వడకట్టిన రసంగా ఇచ్చారు. చిత్రం ఏమిటంటే మొదట షుగర్ పెరగడంలో మూడింటికీ పెద్ద తేడా రాలేదు. కానీ రసాన్ని పండు కంటే పదకొండు రెట్లు వేగంగా తాగేయగలిగారు, దానితో కడుపు నిండినట్టు అనిపించలేదు, ఇన్సులిన్ ఎక్కువ ఊరింది, ఆ తర్వాత షుగర్ బాగా కిందికి జారింది. గుజ్జు ఈ రెండిటికీ మధ్యలో నిలిచింది. వాళ్ళు షుగర్ లేనివాళ్ళు కాబట్టి ఆ ఎక్కువ ఇన్సులిన్ ఊరగలిగింది. మన దగ్గర ఊరే ఇన్సులిన్ చాలకపోవడమే కదా జబ్బు.

ఇప్పుడు బత్తాయి జ్యూస్ తీసుకోండి. ఒంట్లో బాగాలేదంటే చాలు, చూడ్డానికొచ్చినవాళ్ళంతా బత్తాయిలే తెస్తారు. ఒక పెద్ద గ్లాసుకి మూడు నాలుగు కాయలు పడతాయి. పంచదార అసలు వేయకపోయినా అది ఒకటిన్నర, రెండు వాటాలు, రెండు నిమిషాల్లో గొంతు దిగిపోతుంది. అవే నాలుగు కాయల్ని తొనలు ఒలుచుకుని తినమనండి, రెండో కాయ దగ్గరే చాలనిపిస్తుంది. ఇక బండి మీద జ్యూస్ అయితే షుగర్ వద్దు అని మీరు చెప్పినా, ముందే కలిపి పెట్టుకున్న పాకం ఎంత పడిందో చూసేవాళ్ళు లేరు. మీ కళ్ళ ముందు, ఖాళీ మిక్సీ జారులో వేయించుకోవాలి.

ప్యాకెట్ జ్యూస్ కొనేటప్పుడు ముందు వైపు రాసింది చదవకండి. "100 శాతం పండ్ల రసం" అని లేబుళ్ళ మీద, ప్రకటనల్లో రాయడం ఆపేయమని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 జూన్‌లో కంపెనీలకి చెప్పింది, ఎందుకంటే అవి చాలావరకు చిక్కబరిచిన రసంలో మళ్ళీ నీళ్ళు కలిపి తయారుచేసినవి. వెనక పోషకాల పట్టికలో కార్బోహైడ్రేట్ 100 మిల్లీలీటర్లకి ఎంతో చూడండి. పది దాటి ఉంటే 150 మిల్లీలీటర్లకే మీ వాటా అయిపోయినట్టు. "చక్కెర కలపలేదు" అన్న మాట చూసి మోసపోవద్దు. కలపలేదు నిజమే, పండుది పండుకి ఉంది.

తాగాలనే ఉంటే చిన్న టీ గ్లాసుతో, భోజనంతో పాటు, అన్నంలో ఆ మేరకి తగ్గించుకుని తాగండి. మిక్సీలో కొట్టి వడకట్టకుండా తాగితే కొంత నయం, అయినా కొలత మాత్రం ముక్కల్ని తూచినట్టే తూచి వేసుకోవాలి. కొబ్బరి నీళ్ళు, పంచదార లేని నిమ్మరసం దాహానికి వీటికంటే మేలు, కొబ్బరి నీళ్ళలోనూ కొద్దిగా చక్కెర ఉంటుందని గుర్తుంటే చాలు. చెరకు రసం గురించి అడగకండి, అది పండే కాదు.

జ్యూస్ మంచి చేసే సందర్భం ఒకటుంది. షుగర్ 70 కంటే పడిపోయి చెమటలు పడుతూ చేతులు వణుకుతుంటే, వేగంగా ఒంటికి పట్టడమే అప్పుడు కావాల్సింది. 150 మిల్లీలీటర్ల జ్యూస్ తాగి, పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూసుకోవాలి, పెరగకపోతే ఇంకోసారి తాగాలి. కానీ వోగ్లిబోస్, అకార్బోస్ అనే మాత్రలు వాడేవాళ్ళకి ఇది సరిగ్గా పనిచేయదు. ఆ మందులు పంచదారని పేగుల్లో విడగొట్టనివ్వవు, జ్యూస్‌లో ఉన్న చక్కెరలో కొంత అలాంటిదే. వాళ్ళు మెడికల్ షాపులో దొరికే గ్లూకోజ్ పొడిని దగ్గర పెట్టుకోవాలి. మీ మందుల చీటీలో ఈ పేర్లున్నాయేమో ఈరోజే చూసుకోండి, చాలామందికి మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఒకే బిళ్ళగా ఇస్తుంటారు.

ఎండు పండ్లు

మన భాషలోనే ఇక్కడ ఒక చిక్కుంది. డ్రై ఫ్రూట్స్ అంటే మనకి బాదం, జీడిపప్పు, పిస్తా, కిస్మిస్, ఖర్జూరం అన్నీ ఒకటే డబ్బాలో ఉంటాయి. డాక్టరు "డ్రై ఫ్రూట్స్ కొంచెం తినొచ్చు" అన్నది బాదం గురించి అయితే, ఇంటికొచ్చి మనం కిస్మిస్ డబ్బా మూత తీస్తాం. బాదం గింజ, దాంట్లో చక్కెర బాగా తక్కువ. కిస్మిస్ ద్రాక్ష పండు, నీళ్ళు మాత్రమే పోయాయి, చక్కెర ఎక్కడికీ పోలేదు. ముందు ఆ డబ్బాని రెండుగా విడగొట్టండి, గింజలు ఒకవైపు, ఎండిన పండ్లు ఒకవైపు.

ద్రాక్ష 80 గ్రాములు ఒక వాటా అన్నాను కదా, కిస్మిస్ అయితే 20 గ్రాములే. రెండు టేబుల్ స్పూన్లు, గుప్పెడు కూడా రాదు. ఎండు అంజీర్ మూడు, చిన్న సైజు ఖర్జూరాలు రెండు మూడు. దుబాయ్ నుంచి తెచ్చే పెద్ద మెడ్జూల్ రకం ఖర్జూరం అయితే ఒక్కటే వాటా దాటిపోతుంది. రంజాన్ ఉపవాసం ఉండేవాళ్ళు ఖర్జూరంతో ఇఫ్తార్ మొదలుపెట్టడంలో తప్పు లేదు, పెద్దదైతే ఒకటి తీసుకుని, ఆ తర్వాత వచ్చే షర్బతు వదిలేయండి.

ఎండు పండ్లతో అసలు సమస్య చెయ్యి ఆగకపోవడం. డబ్బాలోంచి నేరుగా తినొద్దు. వారానికి కావాల్సింది ఒకేసారి తూచి చిన్న పొట్లాలు కట్టుకోండి, ఐదు బాదం గింజలు, 10 గ్రాముల కిస్మిస్, పొట్లానికి ఇంతే. అది అర వాటా.

మామిడి తాండ్ర దగ్గరికొస్తే నాకు మనసు మెత్తబడుతుంది, చిన్నప్పుడు చుట్టాలు ఆత్రేయపురం వైపు నుంచి తెస్తే పరుపు కింద దాచుకున్నవాణ్ణి. కానీ తాండ్ర అంటే రసాన్ని పొరలు పొరలుగా ఎండబెట్టడమే కాకుండా, చాలాచోట్ల బెల్లమో పంచదారో కలిపి ఎండబెట్టడం. దాన్ని పండు ఖాతాలో రాయకండి, మిఠాయి ఖాతాలో రాయండి. అగ్గిపెట్టె అంత ముక్క, 20 గ్రాములు, అది తిన్న రోజు ఇంకో పండు లేదు. తేనెలో ఊరేసిన ఉసిరి, టూటీ ఫ్రూటీ, పంచదార పట్టించిన ఎండు క్రాన్‌బెర్రీ కూడా ఆ ఖాతాలోవే.

ముందే అడిగి తీరాల్సినవాళ్ళు

ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్ళు పండు కోసం అన్నం మరీ తగ్గించేసి, తర్వాత పండు తినడం మర్చిపోతే షుగర్ పడిపోతుంది. ముఖ్యంగా రోజుకి రెండు పూటలా మిక్స్‌డ్ ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకి భోజనంలో కార్బోహైడ్రేట్ రోజూ ఇంచుమించు ఒకేలా ఉండాలి. మార్పులు మీ డాక్టరుతో మాట్లాడాకే.

కిడ్నీ పనితీరు తగ్గినవాళ్ళకి లెక్క పూర్తిగా వేరు. వాళ్ళు షుగర్ కంటే ముందు పొటాషియం చూసుకోవాలి. అరటి, బత్తాయి, కొబ్బరి నీళ్ళు, ఖర్జూరం, ఇంతవరకు నేను రాసినవాటిలో చాలా వాళ్ళకి పడకపోవచ్చు. స్టార్ ఫ్రూట్, అదే అంబాణం కాయ, కిడ్నీ జబ్బున్నవాళ్ళు అసలు ముట్టకూడదు, అది మెదడు మీద పనిచేసి ప్రాణం మీదకి తెస్తుంది.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఊరికే "పండ్లు తినొచ్చా" అని అడగకండి, ఆ ప్రశ్నకి ఆయన రెండు ముక్కల్లో జవాబిచ్చి పంపేస్తారు. నోట్‌బుక్ తీసుకెళ్ళండి. ఏ పండు, ఎన్ని గ్రాములు, దేనితో, తినకముందు ఎంత, రెండు గంటలకి ఎంత. నా పుస్తకంలో ఆ మొదటి రోజు 231 పక్కన మా డాక్టరు పెన్నుతో గీత గీసి, పండు మీద కాదు, "అన్నం 200" అన్న చోట సున్నా చుట్టారు.